పొట్టలో నీరు చేరిన రోగి కేసును విద్యార్థులకు ప్రెజెంట్ చేయాలి: నా డ్రాఫ్టులో లోపాలు చెప్పగలరా?

కొత్త స్టెత్ · పోస్టు 1

నేను మెడిసిన్ వార్డులో ఇంటర్న్‌గా పనిచేస్తున్నాను. వచ్చే గురువారం మూడో ఏడాది విద్యార్థుల ముందు ఒక కేసును ప్రెజెంట్ చేయాలి. ముప్పై నిమిషాల సమయం ఇచ్చారు. ఇప్పటికే 34 స్లైడ్లు తయారయ్యాయి కానీ అవి కేసును చెబుతున్నాయా, లేక రోగి ఫైలును చదివి వినిపిస్తున్నాయా అన్న అనుమానం నన్ను వదలడం లేదు. రోగి అనుమతి తీసుకున్నాను. ఆయనను గుర్తుపట్టగల వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు.

రోగికి 42 ఏళ్లు, పురుషుడు. ఎనిమిది నెలలుగా పొట్ట ఉబ్బరం, కాళ్ల వాపు, నడిస్తే ఆయాసం. మద్యం అలవాటు ఉంది. వేరే ఆసుపత్రిలో మూడుసార్లు పొట్టలోని నీరు తీశారు. రెండేళ్ల క్రితం చాలా రోజులు జ్వరం వచ్చి, కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే క్షయ మందులు మొదలుపెట్టారట. రెండు నెలలు వాడి, ఒంట్లో బాగుందని ఆయనే మానేశారు.

పరీక్షలో నాడి 96, రక్తపోటు 104/76. కామెర్లు లేవు, జేవీపీ పెరగలేదు. కాలేయం పక్కటెముకల కింద ఐదు సెంటీమీటర్లు తగులుతోంది, నొక్కితే నొప్పి ఉంది. ప్లీహం తగలలేదు. పొట్ట నిండా నీరు ఉంది. పొట్ట నీటిలో కణాలు ఘన మిల్లీమీటరుకు 180, ఎక్కువగా లింఫోసైట్లు. మొత్తం ప్రొటీన్ డెసీలీటరుకు 3.6 గ్రాములు, ఆల్బుమిన్ 1.9. రక్తంలో ఆల్బుమిన్ 2.9. అంటే సాగ్ 1.0 వచ్చింది.

సాగ్ 1.1 కంటే తక్కువ, ప్రొటీన్ ఎక్కువ, లింఫోసైట్లు ఎక్కువ, పైగా సగంలో మానేసిన క్షయ మందులు. అందువల్ల మొదటి అనుమానంగా ఉదరకుహర క్షయ, రెండోదిగా సిర్రోసిస్, మూడోదిగా క్యాన్సర్ రాశాను. ఈ వరుస సరైనదేనా? స్లైడ్లు ఎన్ని ఉండాలి?

రెండో ఏడు పీజీ · పోస్టు 2

వరుస సరిగానే ఉంది. ఈ నీటి రిపోర్టు చూసిన వారెవరైనా క్షయ అనే అంటారు. ఏడీఏ ఎంత వచ్చిందో రాయలేదు, దాన్ని చేర్చండి. స్లైడ్లు 34 ఎక్కువే. చరిత్ర రెండు, పరీక్ష రెండు, రిపోర్టులు నాలుగు, తేడా నిర్ధారణకు ఒక పట్టిక, చికిత్స రెండు చాలు. విద్యార్థులు పట్టికను ఫోటో తీసుకుంటారు, అదే వారికి మిగిలేది.

నాలుగో బెంచీ · పోస్టు 3

ప్రాక్టికల్ పరీక్షలో పొట్ట కేసు వస్తే, జేవీపీ గురించి అడగకముందే మనమే చెప్పాలా, అడిగితే చెప్పాలా? నాకు వచ్చే నెలలోనే పరీక్షలు ఉన్నాయి. ఈ కేసును యథాతథంగా కంఠస్థం చేస్తే పనికొస్తుందా?

పాత వార్డు · పోస్టు 4

నాలుగో బెంచీ గారూ, ఇక్కడ అడిగింది పరీక్షలో జవాబు చెప్పడం గురించి కాదు, తరగతికి కేసును తయారు చేయడం గురించి. అయినా మీ ప్రశ్నలో ఒక మంచి సంగతి ఉంది. పొట్ట కేసులో జేవీపీని అడగకముందే చెప్పాలి. ఎందుకో ఈ రోగే చూపిస్తాడని నాకు అనిపిస్తోంది.

కొత్త స్టెత్ గారూ, స్లైడ్ల సంఖ్య సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

మొదటిది, రక్తంలో ఆల్బుమిన్ 2.9 అన్నది ఏ రోజు నమూనా? నీరు తీసిన రోజుదేనా?

రెండోది, పొట్ట ముందు ఉబ్బిందా, కాళ్లు ముందు వాచాయా? మీరు రెండింటినీ కలిపి ఎనిమిది నెలలు అని రాశారు. రోగి అలా చెప్పి ఉండడు. మన రాతలో అది అలా కలిసిపోయి ఉంటుంది.

మూడోది, జేవీపీ పెరగలేదని రాసినప్పుడు మీరు రోగిని ఏ భంగిమలో చూశారు? 45 డిగ్రీల కోణంలో పడుకోబెట్టి మెడలో ఏమీ కనిపించకపోతే రెండు అర్థాలు ఉంటాయి. ఒకటి, ఒత్తిడి సాధారణంగా ఉండి రక్తస్తంభం కాలరు ఎముక కిందే ఆగిపోయిందని. రెండోది, ఒత్తిడి మరీ ఎక్కువై స్తంభపు పైఅంచు దవడ వెనక్కి వెళ్లిపోయిందని. రెండు సందర్భాల్లోనూ మెడ ఖాళీగానే కనిపిస్తుంది. కాలేయం ఐదు సెంటీమీటర్లు పెరిగి, నొక్కితే నొప్పిగా ఉండి, ప్లీహం తగలని రోగి దగ్గర రెండో అర్థాన్ని తోసిపుచ్చకుండా ముందుకు వెళ్లకూడదు. ఆయనను నిటారుగా కూర్చోబెట్టి, చెవి తమ్మె వెనుక చూడండి.

కొత్త స్టెత్ · పోస్టు 5

సార్, ఈ ఉదయం మళ్లీ వెళ్లి చూశాను. జరిగింది దాచకుండా రాస్తున్నాను.

2.9 అన్నది మా వార్డు రిపోర్టు కాదు. ఆయనను పంపిన ఆసుపత్రి లేఖలో ఉన్న అంకె అది, మేము నీరు తీసిన రోజుకు ఎనిమిది రోజుల ముందుది. నీరు తీసిన రోజే మేము పంపిన రక్త నమూనాలో ఆల్బుమిన్ 3.4 ఉంది. ఆ కాగితం ఫైలు వెనుక జేబులో ఉండిపోయింది. అంటే సాగ్ 1.5.

పొట్ట ఎనిమిది నెలల క్రితం ఉబ్బింది, కాళ్లు వాచింది మూడు నెలలుగానే. రోగి మొదటి రోజే ఇలా విడివిడిగా చెప్పారు, నేనే కలిపి రాశాను.

ఆయనను మంచం అంచున నిటారుగా కూర్చోబెట్టి, పక్క నుంచి టార్చి వేసి చూశాను. చెవి తమ్మె కదులుతోంది. ఎదుటివైపు కెరోటిడ్ మీద వేలు ఉంచి చూస్తే, నాడి తగిలి వెళ్లిన తర్వాత మెడలో ఏదో చటుక్కున లోపలికి పడిపోయి, వెంటనే పైకి లేస్తోంది. ఊపిరి బాగా లోపలికి పీల్చమంటే స్తంభం దిగాల్సింది పోయి ఇంకా పైకి వెళ్లింది. గుండె మీద స్టెత్ పెడితే రెండో శబ్దం తర్వాత ఇంకో శబ్దం వినిపించింది. నేను మూడో శబ్దం అనుకున్నాను. మా రిజిస్ట్రార్ విని, మూడో శబ్దానికి ఇది మరీ తొందరగా, మరీ స్పష్టంగా ఉందన్నారు.

ఏడీఏ లీటరుకు 18 యూనిట్లు వచ్చింది.

రెండో ఏడు పీజీ · పోస్టు 6

నేను తొందరపడ్డాను. సాగ్ 1.5 అయితే పోర్టల్ ఒత్తిడి పెరిగినట్టే. ఏడీఏ కూడా తక్కువే కాబట్టి ఉదరకుహర క్షయ వెనక్కి వెళ్తుంది. అప్పుడిది సిర్రోసిస్, మద్యం చరిత్ర కూడా సరిపోతుంది. మెడలో కనిపించినది పొట్ట నిండా నీరు ఉండి డయాఫ్రం పైకి నెట్టడం వల్ల కావచ్చు కదా?

పాత వార్డు · పోస్టు 7

సగం ఒప్పుకుంటాను. సాగ్ 1.1 కంటే ఎక్కువైతే పోర్టల్ ఒత్తిడి పెరిగిందని తెలుస్తుంది. కానీ అడ్డు ఎక్కడుందో సాగ్ చెప్పదు. దానికి పక్కనే ఉన్న అంకెను చూడాలి. మొత్తం ప్రొటీన్ 3.6 గ్రాములు. సిర్రోసిస్‌లో కాలేయపు సైనుసాయిడ్ల గోడ మచ్చగట్టి బిగుసుకుపోతుంది కాబట్టి ప్రొటీన్ సులువుగా బయటికి రాదు, నీటిలో అది సాధారణంగా 2.5 గ్రాముల కంటే తక్కువే ఉంటుంది. అడ్డు కాలేయానికి పైన, అంటే కాలేయ సిరల్లోనో గుండెలోనో ఉంటే సైనుసాయిడ్లు ఇంకా జల్లెడలాగే ఉంటాయి, ప్రొటీన్ ఎక్కువగా ఉన్న లింఫు కారుతుంది. అందుకే సాగ్ ఎక్కువ, ప్రొటీన్ కూడా ఎక్కువ అన్న జంట కనిపిస్తే చూపు కాలేయం నుంచి మెడకు వెళ్లాలి.

దీనికీ పరిమితి ఉంది. మూత్రం పెంచే మందులు బాగా వాడిన సిర్రోసిస్ రోగిలో కూడా నీటిలోని ప్రొటీన్ పెరగవచ్చు. కాబట్టి ఒక్క అంకె మీదే మేడ కట్టకండి.

పొట్ట బిగువు వల్ల మెడ సిరల ఒత్తిడి కొంత పెరుగుతుందన్న మీ మాట నిజమే. నీరు కొంత తీస్తే అది తగ్గుతుంది. ఈ రోగికి నీరు తీసిన తర్వాత కూడా స్తంభం చెవి తమ్మె వరకు ఉంది. పైగా చటుక్కున కింద పడే ఆ కదలికకు పొట్ట నీరు కారణం కాదు. జఠరిక తెరుచుకున్న క్షణంలో రక్తం వేగంగా లోపలికి దూకి, గట్టి గోడకు తగిలినట్టు ఆగిపోతే అలా కనిపిస్తుంది. ఆ ఆగిపోవడమే మీరు విన్న శబ్దం.

కొత్త స్టెత్ గారూ, మీ ప్రెజెంటేషన్ ఇప్పుడే దొరికింది. 1.0 నుంచి 1.5కు మారిన ఆ అంకెను దాచకండి. తరగతికి ముందు 2.9 ఇవ్వండి, వాళ్లను లెక్క వేయనివ్వండి, క్షయ అననివ్వండి. తర్వాత ఆ లేఖ మీది తేదీ చూపించండి. రక్తం, నీరు ఒకే రోజు తీయాలని స్లైడు మీద రాస్తే మర్చిపోతారు. తాము చెప్పిన జవాబు కళ్లముందే తప్పయితే గుర్తుంచుకుంటారు.

ఎకో గది · పోస్టు 8

ఇది బిగుసుకుపోయిన పెరికార్డియం అని అందరూ అనుకుంటున్నారని అర్థమైంది. నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం సరిగ్గా ఇలాంటి మెడ, ఇలాంటి పొట్ట ఉన్న రోగిని మేము శస్త్రచికిత్సకు పంపాము. ఛాతీ తెరిచి చూస్తే పెరికార్డియం పల్చగా, మెత్తగా ఉంది. జబ్బు గుండె కండరంలోనే ఉంది, అమైలాయిడ్ అని తర్వాత తేలింది. ఊపిరి పీల్చినప్పుడు మెడ సిర పైకి లేవడం అక్కడా ఉంది. ఆ రోజు నుంచి ఆ ఒక్క గుర్తు చూసి నేను ఏదీ తేల్చను.

కాబట్టి తేడా నిర్ధారణలో మీ చివరి పోరు సిర్రోసిస్‌తో కాదు, కండరం బిగుసుకుపోయే రెస్ట్రిక్టివ్ కార్డియోమయోపతితో ఉండాలి. ఎకోలో నేను ముందు చూసేది రెండు. ఊపిరితో పాటు జఠరికల మధ్య గోడ అటూ ఇటూ ఊగుతోందా అన్నది మొదటిది. బిగుసుకున్న సంచిలో ఇద్దరు ఇరుక్కుంటే ఒకరు ఉబ్బినప్పుడు ఇంకొకరు నలగక తప్పదు కదా. రెండోది, మైట్రల్ కవాటపు వలయం గోడ వైపు ఎంత వేగంగా కదులుతోందన్నది. కండరం జబ్బుపడితే ఆ వేగం సెకనుకు 8 సెంటీమీటర్ల కంటే కిందికి పడిపోతుంది. పెరికార్డియం జబ్బులో కండరం బాగానే ఉంటుంది కాబట్టి వేగం నిలిచి ఉంటుంది, పక్క గోడ కంటే మధ్య గోడ వైపే ఎక్కువగా కూడా కనిపించవచ్చు. మామూలు గుండెలో దీనికి తలకిందులుగా ఉంటుంది.

మీ రోగి ఎకో రిపోర్టులో ఇవి రాశారా, లేక ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 శాతం, సాధారణం అని ఒక్క వాక్యంలో ముగించారా?

కొత్త స్టెత్ · పోస్టు 9

మీరు ఊహించినట్టే మొదటి రిపోర్టులో 60 శాతం, సాధారణం అని మాత్రమే ఉంది. అప్పుడు రిక్వెస్టు కాగితం మీద నేను రాసింది ‘పొట్టలో నీరు, ఎకో చేయగలరు’ అని మాత్రమే. నిన్న ‘పెరికార్డియల్ కన్‌స్ట్రిక్షన్ అనుమానం, శ్వాసతో మార్పులు చూడగలరు’ అని రాసి మళ్లీ పంపాను. మధ్య గోడ ఊగుతోంది. వలయపు వేగం మధ్య గోడ వైపు 14, పక్క గోడ వైపు 10. కాలేయ సిరలు, కిందిపెద్ద సిర ఉబ్బి ఉన్నాయి, ఊపిరితో అవి కుంచించుకోవడం లేదు. ఛాతీ సీటీలో పెరికార్డియం మందం 6 మిల్లీమీటర్లు, కింది వైపు సున్నం పేరుకుంది. పక్కనుంచి తీసిన పాత ఎక్స్‌రేను వెనక్కి వెళ్లి చూస్తే ఆ సున్నపు గీత అప్పుడే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

ఎకో గది · పోస్టు 10

అదే గుండె, అదే యంత్రం. ప్రశ్న మారింది కాబట్టి జవాబు మారింది. ఆ రెండు రిక్వెస్టు కాగితాలను పక్కపక్కన ఒక స్లైడులో పెట్టండి, రోగి పేరు చెరిపేసి.

ఒక హెచ్చరిక కూడా చేర్చండి. మందం 4 మిల్లీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది కానీ, మందం మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదని చెప్పలేము. పల్చటి పెరికార్డియం కూడా గుండెను బిగించగలదు.

రెండో ఏడు పీజీ · పోస్టు 11

ఇప్పుడు చికిత్స స్లైడులో ఏమి రాయాలి? మూత్రం పెంచే మందులు, ఉప్పు తగ్గించడం, క్షయ మందులు మళ్లీ మొదటి నుంచి, తర్వాత శస్త్రచికిత్స. నాడి 96 ఉంది కాబట్టి చిన్న మోతాదులో బీటా బ్లాకర్ ఇస్తే గుండె నిండడానికి సమయం దొరుకుతుంది కదా?

పాత వార్డు · పోస్టు 12

బీటా బ్లాకర్ వద్దు. మీ తర్కం కవాటం ఇరుకైన గుండెకు సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. ఈ గుండె నిండడం డయాస్టోలి మొదటి భాగంలోనే ముగిసిపోతుంది. సంచి అంతకుమించి సాగదు, ఇంకా సమయం ఇచ్చినా ఇంకో చుక్క పట్టదు. ప్రతి కొట్టుకు బయటికి వెళ్లే రక్తం స్థిరమైపోయినప్పుడు శరీరానికి మిగిలిన దారి కొట్టుల సంఖ్య పెంచుకోవడమే. ఆ 96ను మీరు 65కు దించితే రక్తపోటు, మూత్రం రెండూ పడిపోతాయి. విద్యార్థులకు ఇది తప్పక చెప్పండి, ఎందుకంటే సిర్రోసిస్ అని పొరబడిన రోగికి ఆహారనాళపు సిరల కోసమని ఇదే మందు మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

మూత్రం పెంచే మందుల విషయంలోనూ అంతే. ఇబ్బంది తగ్గేంత వరకు ఇవ్వండి, కాళ్లు పూర్తిగా ఎండిపోయే వరకు కాదు. ఈ గుండె నిండాలంటే సిరల్లో ఆ ఎక్కువ ఒత్తిడి కొంత ఉండాలి. రోజూ బరువు, క్రియాటినిన్ చూస్తూ వెళ్లాలి. అసలు చికిత్స పెరికార్డియం తొలగించడమే.

కత్తి పట్టినవాడు · పోస్టు 13

గుండె శస్త్రచికిత్స వైపు నుంచి రెండు మాటలు.

శస్త్రచికిత్సకు ముందు వాపు ఇంకా చురుకుగా ఉందా అని అడగండి. సీఆర్‌పీ పెరిగి, ఎంఆర్‌ఐలో పెరికార్డియం గాడోలినియంతో మెరుస్తుంటే కొందరిలో రెండు మూడు నెలల వాపు తగ్గించే మందులతోనే బిగువు వదులుతుంది. ఈ రోగిలో సున్నం పేరుకుంది, ఎనిమిది నెలలు గడిచింది, కాబట్టి ఆ ఆశ నాకు తక్కువ.

రెండోది, ఫలితం. ఛాతీ ఎముకను మధ్యగా తెరిచి, ఒక ఫ్రెనిక్ నరం నుంచి రెండో ఫ్రెనిక్ నరం దాకా, కిందివైపు డయాఫ్రం మీది భాగం కూడా తీయాలి. సగం తీస్తే సగం జబ్బు మిగిలే ఉంటుంది. ఇన్నాళ్లు బిగింపులో పనిచేసిన కండరం విడిపించిన రోజునే పుంజుకోదు, మొదటి రోజుల్లో గుండె పంపే రక్తం తగ్గి మందుల సాయం అవసరం కావచ్చు. రేడియేషన్ వల్ల వచ్చిన జబ్బులో, కాలేయం మూత్రపిండాలు చాలా దెబ్బతిన్న తర్వాత వచ్చిన వారిలో ఫలితాలు బాగుండవు. అందుకే నాలుగోసారి నీరు తీసే ముందు మాకు పంపండి అని మీ స్లైడులో రాస్తే సంతోషిస్తాను.

రెండో ఏడు పీజీ · పోస్టు 14

క్షయ మందుల సంగతి ఎవరూ చెప్పలేదు. రెండు నెలలు వాడి మానేసిన రోగి. ఆరు నెలల కోర్సు మళ్లీ ఇవ్వకుండా ఛాతీ తెరుస్తారా? స్టెరాయిడ్ కూడా ఇవ్వాలి కదా?

పాత వార్డు · పోస్టు 15

స్టెరాయిడ్ గురించి ముందు. క్షయ పెరికార్డైటిస్‌లో ప్రెడ్నిసొలోన్‌ను పరీక్షించిన ఇంపి అధ్యయనం 2014లో వెలువడింది. అందులో 1,400 మంది ఉన్నారు. మరణం, టాంపొనేడ్, కన్‌స్ట్రిక్షన్ మూడింటినీ కలిపి చూస్తే తేడా రాలేదు. కన్‌స్ట్రిక్షన్ ఒక్కదాన్నే విడిగా చూస్తే అది తగ్గింది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో కొన్ని క్యాన్సర్లు పెరగడం కూడా కనిపించింది. అది బిగువు రాకుండా ఆపడం గురించిన ప్రశ్న, ఇప్పటికే సున్నంగా మారిన పెరికార్డియాన్ని మెత్తబరచడం గురించి కాదు. ఈ రోగికి స్టెరాయిడ్ ఇవ్వడానికి నాకు కారణం కనిపించడం లేదు.

క్షయ మందుల విషయంలో మాత్రం నేను ఖచ్చితంగా చెప్పలేను. జ్వరం లేదు, ఏడీఏ తక్కువ, కఫంలో ఏమీ దొరకలేదనుకుందాం. ఇది ఆరిపోయిన క్షయ వదిలిన మచ్చ కావచ్చు, లోపల ఇంకా రగులుతూ ఉండవచ్చు. నేనైతే ముందు వెతికి, తీసిన పెరికార్డియం ముక్కను కణజాల పరీక్షకు, కల్చర్‌కు, జన్యు పరీక్షకు పంపి, ఫలితం చూసి మొదలుపెడతాను.

కత్తి పట్టినవాడు · పోస్టు 16

నేను ఒప్పుకోను. కోర్సు సగంలో మానేసిన రోగికి, మందుల్లేకుండా కత్తి పెట్టడం నాకు ఇష్టం ఉండదు. పాత మందులకు లొంగని క్షయ ఉందేమో చూసి, కనీసం కొన్ని వారాలైనా మందులు పడ్డాక తీసుకుంటాను. అయితే రోగి క్షీణిస్తుంటే ఆ వారాల కోసం ఆగను.

ఎకో గది · పోస్టు 17

ఈ గొడవను తరగతిలో అలాగే ఉంచండి. మీ యూనిట్ ఏ దారి ఎంచుకుందో చెప్పి, రెండో దారిని కూడా చూపించండి. చికిత్స స్లైడులో అన్నిటికీ ఒకే బాణం గుర్తు గీస్తే విద్యార్థులకు అబద్ధం చెప్పినట్టే.

నాలుగో బెంచీ · పోస్టు 18

ఇదంతా చదివాక ఒక చిన్న సందేహం. తరగతిలో కూర్చునే మాలాంటి వాళ్లకు ఎకోలోని అంకెలు తలకెక్కవు. ఏది ముందు చెబుతారు?

పాత వార్డు · పోస్టు 19

మంచి ప్రశ్న. అంకెలు చివరికి. ముందు చరిత్ర, తర్వాత ఒక్క వాక్యంలో సమస్య, తర్వాత ఆగి, ‘మెడలో ఏమి చూడాలనుకుంటున్నారు’ అని అడగాలి. ఎవరో ఒకరు జేవీపీ అంటారు. అప్పుడు 45 డిగ్రీలలో ఖాళీ మెడ గురించి చెప్పండి. నిటారుగా కూర్చోబెట్టడం గురించి ఎవరైనా అడిగే దాకా చెప్పకండి. ఆ మౌనం ఇబ్బందిగా ఉంటుంది, భరించండి. తేడా నిర్ధారణ పట్టికలో పది జబ్బులు వద్దు. సిర్రోసిస్, ఉదరకుహర క్షయ, కుడి గుండె వైఫల్యం, కండరం బిగుసుకుపోయే జబ్బు, పెరికార్డియం. ఈ ఐదింటిలో ఒక్కొక్కదానికి ఈ రోగిలో ఏది సరిపోతుందో, ఏది సరిపోదో ఒక్కో మాట చాలు. ఉదాహరణకు మామూలు కుడి గుండె వైఫల్యంలో కాళ్లు ముందు వాచి పొట్ట తర్వాత ఉబ్బుతుంది, ఈయనకు వరుస తిరగబడింది. మీరు ఎనిమిది నెలలు అని కలిపి రాసి ఉంటే ఈ వాక్యం మీకు దొరికేదే కాదు.

మద్యం ఎంత, ఎన్నేళ్లుగా అన్నది ఇంకా రాయలేదు. ‘అలవాటు ఉంది’ అన్న మాటే ఆయనను ఆసుపత్రి మంచం మీద సిర్రోసిస్ రోగిని చేసింది.

కొత్త స్టెత్ · పోస్టు 20

అడిగాను సార్. పండుగలకు, పెళ్లిళ్లకు తప్ప తాగరు. ఏడాదికి ఐదారుసార్లు అన్నారు. ఇంతవరకు ఎంత అని ఎవరూ అడగలేదని కూడా అన్నారు.

స్లైడ్లు 34 నుంచి 11కు వచ్చాయి. సమస్యను ఒక్క వాక్యంలో ఇలా రాశాను: ‘సగంలో ఆపిన క్షయ చికిత్స చరిత్ర ఉన్న 42 ఏళ్ల పురుషుడు, ఎనిమిది నెలలుగా పొట్ట ఉబ్బరం, ఐదు నెలల తర్వాత మొదలైన కాళ్ల వాపుతో వచ్చారు. కాలేయం పెద్దదిగా, నొప్పిగా ఉంది, ప్లీహం తగలడం లేదు.’ మెడ సంగతి ఇందులో కావాలనే పెట్టలేదు.

శస్త్రచికిత్స బృందం సోమవారం చూస్తామన్నారు. క్షయ మందుల మీద మా యూనిట్‌లోనూ ఇద్దరు ఇద్దరుగా చీలిపోయారు. కఫం నమూనా ఇంకా ల్యాబులోనే ఉంది.